పది వోల్టుల తేడా

కాలిపోయిన బోరు మోటారును రివైండింగ్ షాపులో విప్పగానే, పని తెలిసిన మెకానిక్ ముందుగా చూసేది స్టేటర్ చివరన కనిపించే తీగచుట్టల రంగు. మూడు ఫేజుల చుట్టలూ ఒకేలా మాడి ఉంటే లోడు ఎక్కువైందనో, చల్లబరిచే నీరు అందలేదనో అనుకుంటాడు. స్టార్ కనెక్షన్ మోటారులో రెండు ఫేజులు బొగ్గైపోయి మూడోది కొత్తదానిలా మిగిలితే, నడుస్తుండగా ఒక ఫేజు పోయిందన్నమాట. ఈ రెండూ కాక మూడో రకం ఒకటుంది. ఒక ఫేజు చుట్టల మీది ప్లాస్టిక్ తొడుగు కరిగి అంటుకుపోయి ఉంటుంది, మిగతా రెండూ కొద్దిగా రంగు మారి ఊరుకుంటాయి. స్టార్ మోటారులో ఇలా కనిపిస్తే మొదట అనుమానించాల్సింది మూడు ఫేజుల మధ్య వోల్టేజీ తేడాను. డెల్టా మోటారులో ఫేజు పోయినా ఒక చుట్టే కాలుతుంది కాబట్టి అక్కడ ఈ గుర్తు ఒక్కటే చాలదు.

మోటారు తెచ్చిన రైతు చెప్పే మాట మాత్రం ప్రతిసారీ ఒకటే. "నిన్నటిదాకా నీళ్లు ఎప్పట్లాగే పోసింది. వోల్టేజీ కూడా నాలుగొందలు దాటే ఉంది." ఆయన చెప్పే రెండు మాటలూ నిజమే. నీళ్లు తగ్గవు, వోల్టేజీ తక్కువా కాదు, అయినా లోపల ఒక చుట్ట నెలల తరబడి మాడుతూ ఉంటుంది. ఈ మూడూ ఒకేసారి ఎలా నిజమవుతాయో ఒక ఉదాహరణతో, లెక్క వేసుకుంటూ చూద్దాం.

ఐదు హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్ మోటారు ఒకటి తీసుకుందాం. నేమ్‌ప్లేట్ మీద 415 వోల్టులు, 8 ఆంపియర్లు అని ఉంది. మోటారు నడుస్తుండగా స్టార్టరు దగ్గర ఫేజుకూ ఫేజుకూ మధ్య వోల్టేజీ కొలిచాం. ఆర్, వై మధ్య 401. వై, బి మధ్య 416. బి, ఆర్ మధ్య 401. మూడింటి సగటు 406. ఆ సగటుకు అన్నిటికంటే దూరంగా ఉన్నది 416, అంటే తేడా 10 వోల్టులు. పదిని 406తో భాగించి శాతంలోకి మారిస్తే దాదాపు రెండున్నర వస్తుంది. మోటార్ల తయారీకి అమెరికాలో ప్రమాణాలు రాసే నెమా సంస్థ వోల్టేజీ అసమతుల్యతను లెక్కగట్టే పద్ధతి ఇదే. సగటు నుంచి గరిష్ఠ తేడాను ఆ సగటుతోనే భాగించాలి.

రెండున్నర శాతమంటే ఎవరికీ పెద్దగా అనిపించదు. మనకు అలవాటైన లోవోల్టేజీతో పోలిస్తే ఇదొక లెక్కలోకి వచ్చేదే కాదు. ఇప్పుడు అదే మోటారుకు టాంగ్ టెస్టర్ తగిలించి మూడు తీగల్లో కరెంటు చూద్దాం. మోటారు గుణాల్ని బట్టి లెక్కవేస్తే అక్కడ కనిపించాల్సినవి సుమారు ఇవి: ఆర్‌లో 7 ఆంపియర్లు, వైలో 9, బిలో 8.2. సగటు ఎనిమిదికి కాస్త పైన. ఆర్ ఆ సగటుకు ఒక ఆంపియరుకు పైగా దూరంలో ఉంది, అంటే 13 శాతం. వోల్టేజీలో రెండున్నర శాతమే ఉన్న తేడా కరెంటులో ఐదు రెట్లకు మించి పెరిగి కూర్చుంది. నిండు లోడు మీద నడిచే మోటారులో ఈ పెరుగుదల ఆరు నుంచి పది రెట్ల దాకా ఉండొచ్చని నెమా ప్రమాణం చెబుతుంది. మన ఉదాహరణ ఆ అంచుకు కొంచెం ఇవతలే ఆగింది.

ఇంతలా ఎందుకు పెరుగుతుంది? హీటరుకో బల్బుకో అయితే రెండున్నర శాతం వోల్టేజీ తేడాకు కరెంటులోనూ దాదాపు అంతే తేడా వస్తుంది. మోటారు ఒక్కటే ఇలా ఎందుకు ప్రవర్తిస్తుంది?

ఈ ప్రశ్నను లెక్కలోకి దించిన వ్యక్తి చార్లెస్ లెగేట్ ఫోర్టెస్క్యూ. కెనడాలోని మానిటోబాలో పుట్టి, అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కంపెనీలో పనిచేసిన ఇంజనీరు. సరఫరా సమతూకంగా లేనప్పుడు ఇండక్షన్ మోటారు ఎలా నడుస్తుందో గణితంతో తేల్చే పని 1913 చివర్లో తన ముందుకొచ్చిందని ఆయనే రాసుకున్నాడు. ఆ పని పెరిగి పెద్దదై 1918 జూన్‌లో అట్లాంటిక్ సిటీలో ఆయన చదివిన సుదీర్ఘ పత్రమైంది. ఈనాడు ప్రపంచమంతటా విద్యుత్ గ్రిడ్లలో లోపాలను లెక్కగట్టేది ఆ పద్ధతితోనే. అంత పెద్ద సాధనానికి మూలం ఒక మోటారు పడే ఇబ్బంది కావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆయన చెప్పిందాని సారం ఇది. మూడు ఫేజుల వోల్టేజీలు ఎంత వంకరగా ఉన్నా, న్యూట్రల్ తగిలించని మోటారు విషయంలో వాటిని రెండు చక్కని గుంపులుగా విడగొట్టవచ్చు. మొదటి గుంపులో మూడు వోల్టేజీలూ సమానం. ఆర్, వై, బి వరుసలో ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. రెండో గుంపులోనూ మూడూ సమానమే, కానీ చాలా చిన్నవి, వరుస తిరగబడి ఆర్, బి, వైగా వస్తాయి. మన ఉదాహరణలో మొదటి గుంపు 406 వోల్టులు, రెండోది 10 వోల్టులు. మోటారుకు ఒకేసారి రెండు సరఫరాలు ఇచ్చినట్టే అనుకోవచ్చు. పెద్ద సరఫరా దాన్ని ముందుకు తిప్పుతుంది, చిన్నది వెనక్కి తిప్పాలని చూస్తుంది. రెండు ఫేజులు అటూ ఇటూ మారిస్తే మోటారు వెనక్కి తిరుగుతుందని స్టార్టరు బిగించిన వాళ్లందరికీ తెలిసిందే. ఆ వెనక్కి తిప్పే సరఫరాయే ఇక్కడ పది వోల్టుల మేరకు లోపల దాక్కుని ఉంది.

ఇప్పుడు రోటరు వైపు నుంచి చూడాలి. రెండు పోళ్ల బోరు మోటారులో స్టేటర్ పుట్టించే అయస్కాంత క్షేత్రం నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. రోటరు దాని వెంటే 2850 చుట్లు తిరుగుతుందనుకుందాం. రెండింటి మధ్య తేడా 150 చుట్లే. వెనక్కి తిరిగే చిన్న క్షేత్రం కూడా 3000 చుట్లే తిరుగుతుంది, కానీ ఎదురు దిశలో. రోటరుకూ దానికీ మధ్య తేడా 5850 చుట్లు. బస్సులో పోతున్నప్పుడు పక్కన మనతో సమానంగా పోయే లారీ నెమ్మదిగా జరుగుతున్నట్టుంటుంది, ఎదురొచ్చే లారీ మాత్రం కిటికీ దగ్గర రివ్వుమని దాటిపోతుంది. రోటరుకు ఈ రెండు క్షేత్రాలూ అలాగే తోస్తాయి.

ఆ వేగాల తేడాలోనే సంగతంతా ఉంది. మోటారు నడుస్తున్నప్పుడు సరఫరాకు ఎదురు నిలిచి కరెంటును అదుపులో ఉంచేది రోటరు వేగమే. రోటరు క్షేత్రంతో దాదాపు కలిసి తిరుగుతున్నంతసేపూ అందులో పుట్టే వోల్టేజీ తక్కువ, కాబట్టి మోటారు లాక్కునే కరెంటూ తక్కువ. స్విచ్ వేసిన క్షణంలో రోటరు ఇంకా కదలదు, క్షేత్రం 3000 చుట్ల వేగంతో దాని మీదుగా పోతుంది, కరెంటు మామూలుకు ఆరు రెట్లు ఎగబాకుతుంది. స్టార్టింగులో ఊళ్లో బల్బులు ఒక్కసారి మసకబారేది అందుకే. వెనక్కి తిరిగే క్షేత్రానికి రోటరు ఎప్పుడూ ఆ స్టార్టింగ్ స్థితిలోనే ఉంటుంది, నిజానికి అంతకంటే ఎక్కువగానే. ముందుకు తిప్పే 406 వోల్టులకు మోటారు గట్టిగా ఎదురు నిలుస్తుంది. వెనక్కి తిప్పే పది వోల్టులకు మాత్రం స్టార్టింగులో ఉన్నంత అడ్డే ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. స్టార్టింగ్ కరెంటు 8కి ఆరు రెట్లు, అంటే 415 వోల్టులకు 48 ఆంపియర్లు. పది వోల్టులకు ఎంత? 48ని 41.5తో భాగిస్తే 1.16 ఆంపియర్లు. నిండు లోడు కరెంటులో ఇది పద్నాలుగున్నర శాతం. రెండున్నర శాతం వోల్టేజీ ఆరు రెట్లై పద్నాలుగున్నర శాతం కరెంటైంది. ఆ ఆరు ఎక్కడిదో ఇప్పుడు తెలిసిపోయింది. అది ఆ మోటారు స్టార్టింగ్ కరెంటుకూ నడిచే కరెంటుకూ ఉన్న నిష్పత్తి. స్టార్టింగులో ఏడు రెట్లు లాగే మోటారుకు ఈ పెరుగుదల ఏడు రెట్లు, ఐదు రెట్లు లాగేదానికి ఐదు. కొత్త తరం అధిక సామర్థ్య మోటార్లలో చాలావాటి స్టార్టింగ్ కరెంటు పాతవాటికంటే ఎక్కువ. అవి కరెంటు పొదుపు చేస్తాయి, కానీ వోల్టేజీ తేడాకు పాతవాటికంటే సున్నితంగా ఉంటాయి.

ఈ 1.16 ఆంపియర్లు మూడు తీగల్లోనూ సమానంగానే పారతాయి, కానీ ఎదురు వరుసలో. అందువల్ల అసలు కరెంటుతో ఒక తీగలో కలిసి 9 అవుతాయి, మరో తీగలో దాన్ని కోసేసి 7కు దించుతాయి, మూడో దాంట్లో అడ్డంగా వచ్చి పెద్దగా మార్చవు. దెబ్బ ఏ ఫేజుకు తగులుతుందో కూడా గమనించదగ్గదే. మన ఉదాహరణలో వోల్టేజీ తగ్గింది ఆర్ ఫేజుది. కరెంటు ఎక్కువగా పారి వేడెక్కేది మాత్రం వై ఫేజు చుట్ట. కాలిన చుట్టను చూసి ఆ ఫేజు లైనులోనే తప్పుందని వెతకడం చాలాసార్లు వృథా శ్రమే.

వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. 8 ఆంపియర్లకు బదులు 9 పారితే ఆ చుట్టలో వేడి పుట్టే రేటు 27 శాతం పెరుగుతుంది. ఆర్ చుట్టలో తగ్గింది కదా, సరిపోతుందిలే అనుకోవడానికి లేదు. ఆర్ చల్లగా ఉండటం వల్ల వై చుట్ట తొడుగు బతకదు. చుట్టలు వేడిని కొంత ఇనుము ద్వారా పంచుకుంటాయి గానీ పూర్తిగా కాదు. వీటన్నిటినీ కలిపి మోటారు వాళ్లు వాడే ఒక ఉజ్జాయింపు సూత్రం ఉంది. వోల్టేజీ అసమతుల్యత శాతాన్ని వర్గం చేసి రెట్టింపు చేస్తే, మోటారులో ఉష్ణోగ్రత పెరుగుదల ఎన్ని శాతం అధికమవుతుందో వస్తుంది. రెండున్నరకు వర్గం ఆరుంపావు, రెట్టింపు చేస్తే పన్నెండున్నర. చుట్టూ ఉన్న గాలికంటే 80 డిగ్రీలు ఎక్కువ వేడెక్కేలా తయారైన మోటారు ఇప్పుడు 90 డిగ్రీలు ఎక్కుతుంది. ఇన్సులేషన్ విషయంలో పాతకాలం నుంచీ వస్తున్న అంచనా ప్రకారం ప్రతి పది డిగ్రీలకూ దాని ఆయుష్షు సగమవుతుంది. పదేళ్లు రావాల్సిన వైండింగు ఐదేళ్లకే అయిపోతుందన్నమాట.

సబ్‌మెర్సిబుల్ మోటారు నీళ్లలోనే ఉంటుంది కదా, దానికి ఈ బాధ ఎందుకని అడగొచ్చు. అది చల్లబడేది నీటిలో ఉండటం వల్ల కాదు, బయటి గోడను రాసుకుంటూ నీరు పైకి పారడం వల్ల. వేసవిలో బోరులో ఊట తగ్గి నీరు తక్కువ వస్తున్నప్పుడు ఆ ప్రవాహం మందగిస్తుంది. మోటారు గోడకు సున్నపు పొర పట్టిన చోట వేడి బయటికి పోయే దారి ఇంకా ఇరుకవుతుంది. పైగా నీటితో నింపే మోటార్లలో వైండింగు తీగకు చాలావరకు ప్లాస్టిక్ తొడుగే ఉంటుంది. మామూలు పీవీసీ 70 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది. పైన నడిచే మోటారు ఎనామిల్ తీగకు ఉన్నంత ఓర్పు దానికి లేదు.

ఇక రోటరు సంగతి. అక్కడ పుట్టే వేడి బయటికి కనిపించదు, టాంగ్ టెస్టర్‌కూ అందదు. మామూలుగా రోటరు కడ్డీల్లో పారే కరెంటు సెకనుకు రెండున్నర సార్లే ఊగుతుంది. వెనక్కి తిరిగే క్షేత్రం పుట్టించే కరెంటు మాత్రం సెకనుకు 97 సార్లకు పైగా ఊగుతుంది. అంత వేగంగా ఊగే కరెంటు కడ్డీ లోపలికి పోకుండా పైఅంచునే పట్టుకుని పారుతుంది. పారే చోటు ఇరుకైతే నిరోధం ఎక్కువ, వేడీ ఎక్కువ. ఐదు హార్స్‌పవర్ మోటారులో కడ్డీలు సన్నవి కాబట్టి ఈ ప్రభావం పెద్దగా ఉండదు. సిమెంటు ఫ్యాక్టరీలోనో ఎత్తిపోతల పంపుహౌసులోనో ఉండే పెద్ద మోటార్లకు లోతైన కడ్డీలుంటాయి. అక్కడ అదే కరెంటుకు కొన్ని రెట్ల వేడి పుడుతుంది. పెద్ద మోటార్ల రక్షణకు ఎదురు వరుస కరెంటును విడిగా కొలిచే రిలేలు పెట్టేది ఇందుకే.

ఇంత జరుగుతున్నా నీళ్లు ఎందుకు తగ్గవు? మోటారు తిప్పే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. వెనక్కి లాగే వోల్టేజీ రెండున్నర శాతమైతే దాని వర్గం పదివేలలో ఆరు. స్టార్టింగులో మోటారుకు ఉండే బలంలో అంత చిన్న వాటా వెనక్కి లాగితే రోటరుకు తెలియనే తెలియదు. వేగం తగ్గదు, పైపులో ధార మారదు. బయటికి కనిపించే మార్పంటూ ఉంటే అది చప్పుడే. ముందుకు, వెనక్కి తిరిగే రెండు క్షేత్రాలూ సెకనుకు వందసార్లు ఒకదాన్నొకటి దాటుతాయి, ఆ మేరకు మోటారు సన్నగా అదురుతుంది. పైన బిగించిన మోటారైతే చెయ్యి పెట్టి పసిగట్టవచ్చు. మూడొందల అడుగుల లోతులో ఉన్నదానికి ఆ అవకాశమూ లేదు.

స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే ఉంది కదా, అది ఆపదా? సరిగ్గా 8 ఆంపియర్లకు పెట్టిన థర్మల్ రిలే 1.05 రెట్ల దాకా పడకూడదు, 1.2 రెట్లకు మాత్రం రెండు గంటల్లోపు పడాలి. అంతర్జాతీయ ప్రమాణం కోరేది అంతే. మన వై ఫేజులో ఉన్నది 1.125 రెట్లు. పడితే పడొచ్చు, పడకపోనూవచ్చు. మాటిమాటికీ పడుతోందని ఎవరైనా స్క్రూ తిప్పి 10కి పెట్టి ఉంటే ఇక అసలే పడదు. ఫేజు పూర్తిగా పోయినప్పుడు ఆపడానికి పెట్టిన ప్రివెంటర్లు ఇంత చిన్న తేడాను పట్టించుకోవు. వాటిలో వోల్టేజీని మాత్రమే చూసేవాటితో మరో చిక్కుంది. నడుస్తున్న మోటారు పోయిన ఫేజు మీద తానే కొంత వోల్టేజీని పుట్టిస్తుంది, పరికరం దాన్ని చూసి ఫేజు ఉందనే అనుకోవచ్చు. కరెంటును చూసే ప్రివెంటరు మేలంటే కారణం ఇదే.

ఇప్పుడు తప్పు లైనుదా, మోటారుదా అనేది తేల్చుకోవాలి. కరెంటులో 13 శాతం తేడా కనిపించినంత మాత్రాన సరఫరాదే నేరమనలేం. వైండింగులో కొన్ని చుట్లు షార్టైనా, బోరులో దిగిన కేబుల్ జాయింటు వదులైనా టాంగ్ టెస్టర్ ఇలాగే చూపిస్తుంది. దీన్ని తేల్చడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. మోటారు నుంచి వచ్చే మూడు తీగలను ఒకటి, రెండు, మూడు అనుకుందాం. మొదట అవి వరుసగా ఆర్, వై, బిలకు తగిలించి ఉన్నాయి. మెయిన్ ఆపి, మూడింటినీ ఒక్కో స్థానం పక్కకు జరపాలి. ఒకటో తీగ వైకి, రెండోది బికి, మూడోది ఆర్‌కి వస్తాయి. మూడూ ఒకేలా జరిగాయి కాబట్టి మోటారు తిరిగే దిశ మారదు. నడిపించి మళ్లీ కరెంటు చూడాలి. మరోసారి జరిపి మూడోసారి చూడాలి.

ఎక్కువ కరెంటు ప్రతిసారీ వైలోనే కనిపించిందనుకోండి, ఏ తీగ తగిలించినా సరే, తప్పు సరఫరాది. ఎక్కువ కరెంటు రెండో తీగను పట్టుకుని అది వెళ్లిన చోటికల్లా వెళితే తప్పు మోటారుదో కేబుల్‌దో. చాలాసార్లు రెండూ కొంత కొంత కలిసి ఉంటాయి, అప్పుడు మూడు స్థానాల్లో ఏదో ఒకదానిలో తేడా అన్నిటికంటే తక్కువగా వస్తుంది. ఆ స్థానంలోనే తీగలు బిగించి వదిలేయడం మంచిది. ఇదంతా స్టార్టరు దగ్గర ఒక మనిషి, ఒక టాంగ్ టెస్టర్ ఉంటే అరగంటలో అయిపోయే పని. బోరు మోటారు పైకి లాగి, మళ్లీ దించే ఖర్చు ముందు ఇదొక లెక్క కాదు. మోటారు లాగే ముందు ఇది చేయకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

చూసే మీటరు గురించీ ఒక మాట. ఒకే చోట, మోటారు నడుస్తుండగా, నిమిషం లోపల మూడు రీడింగులూ తీసుకోవాలి. పది నిమిషాల తేడాతో తీస్తే లైను మీది లోడు మారిపోయి లేని తేడా కనిపిస్తుంది. మోటారు ఆపి చూసినా సరికాదు, ఎందుకంటే నడిచే మోటార్లు ఎదురు వరుస వోల్టేజీని కొంత తామే మింగేస్తాయి. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద పది మోటార్లు నడుస్తుంటే ఆ భారాన్ని పదీ పంచుకుంటాయి. తొమ్మిది ఆగిపోతే మిగిలిన ఒక్కదాని వాటా పెరుగుతుంది. సరిగ్గా నడుపుకుంటున్న మోటారు రాత్రిపూట ఒంటరిగా నడుస్తూ కాలిపోవడంలో దీనికి కొంత పాత్ర ఉండొచ్చు.

టాంగ్ టెస్టర్ చూపే శాతాన్ని చదివేటప్పుడు లోడును కూడా చూడాలి. ఎదురు వరుస కరెంటు మోటారు లోడును బట్టి మారదు. నిండు లోడైనా, సగం లోడైనా మన మోటారులో అది 1.16 ఆంపియర్లే. మోటారు 5 ఆంపియర్లే తీసుకుంటుంటే అదే 1.16 శాతంలో 23గా కనిపించి భయపెడుతుంది. నిజానికి అప్పుడు ఏ చుట్టలోనూ 8 దాటదు కాబట్టి ప్రమాదం తక్కువ. 13 శాతం చూపిస్తున్న నిండు లోడు మోటారే ఎక్కువ ప్రమాదంలో ఉంది. అందుకే తేడా ఉన్న చోట మోటారు మీది లోడు తగ్గించమని నెమా చెప్పేది. ఒక శాతం దాకా నిండు లోడు వేసుకోవచ్చు, మూడు శాతం దగ్గర పదో వంతుకు పైగా తగ్గించాలి, ఐదు శాతం దాటితే ఆ మోటారును నడపొద్దు. ఐఈసీ ప్రమాణం ఇంకా కఠినం. ఎక్కువసేపు నడిచే మోటారుకు ఎదురు వరుస వోల్టేజీ ఒక శాతం దాటకూడదంటుంది.

మన ఉదాహరణలోని పది వోల్టులు ఎక్కడ నుంచి వచ్చాయి? మోటారు సొంత జాయింటు వదులుగా ఉండటం వల్ల వచ్చాయనుకుంటే, ఆ జాయింటులో 17 వోల్టులు పోవాలి. ఎనిమిది ఆంపియర్ల దగ్గర అది 136 వాట్ల వేడి. అంత వేడి ఒక స్క్రూ దగ్గర పుడితే తీగ తొడుగు కరిగి వాసనొస్తుంది, ఎవరైనా చూస్తారు. కనబడకుండా పది వోల్టుల తేడా తెచ్చేది పొడవైన లైను. ట్రాన్స్‌ఫార్మరు నుంచి 800 మీటర్లు సన్నని అల్యూమినియం తీగ లాగారనుకుందాం. పల్లెల్లో వాడే సన్నరకం ఏసీఎస్ఆర్ తీగ నిరోధం కిలోమీటరుకు సుమారు 1.4 ఓములు. చివర ఒక పౌల్ట్రీ షెడ్డు, పక్కన రెండు మూడు ఇళ్లు, ఒక సింగిల్ ఫేజు గిర్ని, అన్నీ ఆర్ ఫేజు మీదే. మొత్తం 15 ఆంపియర్లు. 800 మీటర్లలో ఆర్ తీగ మీద పోయేది 17 వోల్టులు. మూడు తీగల మధ్య వోల్టేజీ లెక్కవేస్తే సరిగ్గా 401, 416, 401 వస్తాయి.

ఇక్కడే చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఆ 15 ఆంపియర్లు న్యూట్రల్ గుండా తిరిగి వెళ్లేటప్పుడు అక్కడా 17 వోల్టులు పోతాయి. కాబట్టి ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య కొలిస్తే ఆర్ 206, వై 249, బి 249 కనిపిస్తాయి. షెడ్డులో బల్బు మసకగా ఉంటుంది, అక్కడే వై మీద ఫ్యాను తగిలిస్తే గిర్రున తిరుగుతుంది. ఈ రీడింగులతో శాతం కడితే పన్నెండు వస్తుంది. మోటారుకు న్యూట్రల్‌తో పనిలేదు కాబట్టి న్యూట్రల్‌లో పోయిన వోల్టులు దాన్ని తాకవు. దానికి తెలిసేది ఫేజుల మధ్య ఉన్న రెండున్నరే. మోటారు కోసం కొలిచేవాళ్లు ఎప్పుడూ ఫేజుకూ ఫేజుకూ మధ్యే కొలవాలి.

కారణం తెలిశాక సరిచేయడం లైన్‌మన్ పని, ఆయన లైన్ క్లియర్ తీసుకుని చేసే పని. రైతు స్తంభం ఎక్కడం ఎంతమాత్రం తగదు. అన్నిటికంటే మంచి మార్గం హెచ్‌వీడీఎస్ పద్ధతిలో 11 కేవీ లైనును పొలాల దాకా తెచ్చి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టడం. పొడవైన ఎల్టీ లైనే లేకుండా పోతుంది. అది ఖర్చుతో, సమయంతో ముడిపడినది. ఆర్ మీదున్న కనెక్షన్లలో కొన్నిటిని పక్క ఫేజుకు మార్చడం మాత్రం స్తంభం మీద తీగ ఒక చోట విప్పి మరో చోట బిగించడమే. మొత్తం 15 ఆంపియర్లనూ ఐదేసి చొప్పున మూడు ఫేజులకు పంచితే తేడా పూర్తిగా పోతుంది. అంత కుదరక, ఒక్క గిర్ని కనెక్షను అంటే 5 ఆంపియర్లు మాత్రమే వైకి మార్చి, ఆర్ మీద 10 ఉంచినా ఎదురు వరుస వోల్టేజీ రెండున్నర శాతం నుంచి 1.4కు దిగుతుంది. వేడి శాతం వర్గంతో నడుస్తుంది కాబట్టి ఉష్ణోగ్రత పెరుగుదలలో అదనపు వాటా పన్నెండున్నర శాతం నుంచి నాలుగు శాతానికి పడిపోతుంది. అది అయ్యాక టాంగ్ టెస్టర్‌తో మూడు తీగలూ మళ్లీ చూసి, పొద్దున ఒకసారి, ఇళ్లలో దీపాలు వెలిగే సాయంత్రం వేళ ఇంకోసారి రీడింగులు రాసి స్టార్టరు డబ్బా తలుపు లోపల అంటించి ఉంచుకోవాలి.